గీత చక్కగా కుదిరింది, మరి అమ్మకాలు పెంచింది ప్రకటనలేనా?

ప్రకటనల ఖర్చు అడ్డంగా, అమ్మకాలు నిలువుగా పెట్టి నెలకొక చుక్క వేస్తే స్కాటర్ ప్లాట్ వస్తుంది. ఆ చుక్కల మధ్యగా కంప్యూటర్ ఒక ట్రెండ్ లైన్ గీసి, పక్కనే ఒక సమీకరణం చూపిస్తుంది. మీటింగ్‌లో ఆ స్లైడ్ తెర మీదికి రాగానే చాలామంది దాన్ని ఒకేలా చదువుతారు: ఖర్చు పెంచితే అమ్మకాలు ఇంత పెరుగుతాయి అని. కానీ ఆ గీత ఆ మాట చెప్పడం లేదు. ఖర్చు ఎక్కువగా ఉన్న నెలల్లో అమ్మకాలు కూడా ఎక్కువగా ఉన్నాయని మాత్రమే చెబుతోంది. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, బడ్జెట్ విషయానికి వచ్చేసరికి లాభం, నష్టం తేలేది సరిగ్గా ఈ తేడా దగ్గరే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది అర్థం కావడం కోసం అల్లిన ఉదాహరణ, అంకెలు కావాలనే చిన్నవిగా ఉన్నాయి. ఎయిర్ కూలర్లు అమ్మే ఒక కంపెనీ, దాని 12 నెలల పద్దు, ఖర్చూ అమ్మకాలూ లక్షల్లో. షీట్‌లో A కాలమ్‌లో నెల, Bలో ప్రకటనల ఖర్చు, Cలో ఎండలు ఉన్న నెలైతే 1, కాకపోతే 0, Dలో అమ్మకాలు.

| నెల | ఖర్చు | ఎండ | అమ్మకాలు |
|---|---|---|---|
| 1 | 2 | 0 | 18 |
| 2 | 3 | 0 | 21 |
| 3 | 4 | 0 | 22 |
| 4 | 8 | 1 | 50 |
| 5 | 9 | 1 | 51 |
| 6 | 10 | 1 | 52 |
| 7 | 10 | 1 | 50 |
| 8 | 9 | 1 | 49 |
| 9 | 8 | 1 | 48 |
| 10 | 4 | 0 | 20 |
| 11 | 3 | 0 | 19 |
| 12 | 2 | 0 | 20 |

ఎక్సెల్‌లో B, D కాలమ్‌లు ఎంచుకుని Insert లోకి వెళ్లి Scatter పెట్టాలి. లైన్ చార్ట్ పెడితే పని జరగదు, అది నెలల వరుసను గీస్తుంది తప్ప ఖర్చుకూ అమ్మకాలకూ ఉన్న జతను చూపించదు. చుక్క మీద రైట్ క్లిక్ చేసి Add Trendline, అందులో Linear, కింద Display Equation on chart, Display R-squared value on chart అనే రెండు గడులకు టిక్ పెడితే తెర మీద ఇది కనిపిస్తుంది:

```
y = 4.7241x + 6.6552
R² = 0.9518
```

సమీకరణంలో x పక్కనున్న 4.72 గీత వాలు. x ఒకటి పెరిగితే గీత 4.72 పైకి వెళుతుంది. R² అంటే, అమ్మకాలు నెలనెలా మారడంలో ఎంత భాగం ఈ గీతతో కలిసొచ్చింది అనే కొలత, ఇక్కడ 95 శాతం. ఇంత బాగా కుదిరిన గీత నిజమైన డేటాలో అరుదుగా వస్తుంది కాబట్టి, చూసినవాళ్లకు నమ్మకం కుదరడం సహజమే. పుస్తకాలు కూడా R²ని 'వివరించిన భాగం' అని రాస్తాయి, ఆ 'వివరించడం' అనే మాటే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. గీత దేన్నీ వివరించదు, చుక్కలకు తాను ఎంత దగ్గరగా ఉందో చెబుతుంది, అంతే.

ఇప్పుడు ఈ గీతను నమ్మి ఒక నిర్ణయం తీసుకున్నారనుకుందాం. ఎండాకాలంలో నెలకు 10 లక్షలు పెడుతున్నాం కదా, 15 చేద్దాం అన్నారు. గీత ప్రకారం 5 లక్షలు అదనంగా పెడితే అమ్మకాలు 23.6 లక్షలు పెరగాలి. వందకు అమ్మితే 40 మిగులుతుంది అనుకుంటే, ఆ పెరిగిన అమ్మకాల మీద మిగిలేది 9.4 లక్షలు, ప్రకటనలకు పెట్టిన 5 తీసేస్తే చేతిలో 4.4 లక్షలు. కాగితం మీద ఇంతకంటే మంచి బేరం ఉండదు.

సంతకం పెట్టే ముందు చుక్కల దగ్గరికి ఇంకోసారి వెళ్లాలి, ఈసారి గీతను పక్కన పెట్టి చుక్కల్ని మాత్రమే చూడాలి. అవి ఒక వరుసలో లేవు, రెండు గుంపులుగా ఉన్నాయి. ఎడమవైపు కింద ఒక గుంపు, కుడివైపు పైన ఒక గుంపు, మధ్యలో ఖాళీ. ఖర్చు 6 దగ్గర గీత అమ్మకాలు 35 అంటోంది, కానీ ఈ కంపెనీ ఏ నెలా 6 ఖర్చు పెట్టలేదు, ఏ నెలా 35 అమ్మలేదు. గీత సరిగ్గా మధ్యభాగంలో ఒక్క నెల కూడా లేని చోటు గుండా పోతోంది. రెండు గుంపుల్ని కలిపే ఏ గీతైనా ఏటవాలుగా పైకే వెళుతుంది, R² కూడా ఎక్కువే వస్తుంది, ఎందుకంటే అది చూస్తున్నది గుంపుల మధ్య దూరాన్ని.

ఇంకొంచెం దగ్గరగా చూస్తే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. ఎడమ గుంపులో ఖర్చు 2 ఉన్న రెండు నెలలూ (18, 20) గీతకు పైన ఉన్నాయి, అక్కడ గీత చెప్పింది 16.1. ఖర్చు 4 ఉన్న రెండు నెలలూ (22, 20) గీతకు కింద ఉన్నాయి, గీత చెప్పింది 25.6. కుడి గుంపులోనూ అదే తంతు: 8 దగ్గర చుక్కలు పైన, 10 దగ్గర చుక్కలు కింద. అంటే ప్రతి గుంపు లోపలా చుక్కల అసలు వాలు గీత వాలు కంటే చాలా తక్కువ. ట్రెండ్ లైన్‌కు చుక్కలు అటూ ఇటూ చెదురుమదురుగా ఉండాలి, ఇలా ఒక పద్ధతిలో పైన, కింద, మళ్లీ పైన, మళ్లీ కింద ఉన్నాయంటే గీత లెక్కలోకి తీసుకోని సంగతి ఏదో ఒకటి ఉందని అర్థం. దీనికోసం గణితం కూడా అవసరం లేదు, ప్రింట్ తీసి స్కేలు పెట్టి చూసినా తెలిసిపోతుంది.

ఆ సంగతి ఏమిటో C కాలమ్‌లో ఉంది. ఎండలు. ఎండలు మండితే కూలర్లు అమ్ముడుపోతాయి, దానికి ప్రకటన అక్కర్లేదు. ఎండలు వస్తున్నాయంటే కంపెనీ కూడా ప్రకటనల బడ్జెట్ పెంచుతుంది, జనం కొనే కాలంలోనే కదా ప్రకటన ఇవ్వాలి. కాబట్టి ఖర్చును పెంచిందీ ఎండే, అమ్మకాల్ని పెంచిందీ ఎండే. ఒకే చెట్టు నీడ రెండు గోడల మీద పడితే, ఈ గోడ మీది నీడ కదిలినందువల్ల ఆ గోడ మీదిది కదిలిందని అనం కదా.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పుకోవాలి. రెండు అంకెలు ఎంతగా కలిసి కదులుతున్నాయో చెప్పే కొలతే సహసంబంధం, గరిష్ఠంగా 1 దాకా ఉంటుంది. సహసంబంధం కారణాన్ని రుజువు చేయదు అనగానే చాలామంది దాన్ని కాకతాళీయం అన్నట్టుగా తీసుకుంటారు, కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగాయి, అంతే అన్నట్టు. ఈ 12 నెలల్లో సహసంబంధం 0.98 దాకా ఉంది, ఇది ఏదో అలా కలిసొచ్చింది కాదు. ఖర్చుకూ అమ్మకాలకూ మధ్య బలమైన సంబంధం నిజంగానే ఉంది, దాని వెనక నిజమైన కారణమూ ఉంది. కాకపోతే ఆ కారణం చార్ట్‌లో గీసిన రెండు అక్షాల్లో లేదు, చార్ట్ బయట ఉంది. అందుకే 'సహసంబంధం బలంగా ఉంది కదా' అనే వాదన ఇక్కడ నిలవదు. మూడో కారణం ఎంత బలమైనదైతే సహసంబంధం అంత బలంగా కనిపిస్తుంది.

సరే, ఎండను లెక్కలోకి తెస్తే ఏమవుతుంది? రెండు గుంపులకు విడివిడిగా ట్రెండ్ లైన్ గీయొచ్చు, లేదా రెండు అంశాల్నీ కలిపి ఒకే ఫార్ములాలో పెట్టొచ్చు:

```
=LINEST(D2:D13, B2:C13, TRUE, TRUE)
```

దీని మొదటి వరుసలో 24, 1, 17 అని వస్తాయి. LINEST గుణకాలను వెనక నుంచి ముందుకు ఇస్తుంది, ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి 24 ఎండది, రెండో 1 ప్రకటనలది, చివరి 17 ఏ ప్రకటనా ఏ ఎండా లేకపోయినా జరిగే అమ్మకం. అంటే ఎండ ఉన్నంత మాత్రానే అమ్మకాలు 24 లక్షలు పెరుగుతున్నాయి, ప్రకటనలకు పెట్టిన ఒక్కో లక్షతో కలిసొస్తున్నది ఒక లక్ష మాత్రమే. 4.72 కాస్తా 1కి దిగింది. డేటా ఒక్క అంకె మారలేదు, అడిగిన ప్రశ్న మారింది.

ఆ 1 కూడా గట్టిగా నిలబడిన అంకె కాదు. రెండో వరుసలో దాని కింద 0.408 అని ప్రామాణిక దోషం కనిపిస్తుంది, అంటే ఆ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత. 12 నెలల డేటాతో లెక్కిస్తే అసలు విలువ దాదాపు 0.1 నుంచి 1.9 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. ఇంత వెడల్పు ఉంటే ఏం తేలుతుంది అనిపించవచ్చు, కానీ మన నిర్ణయానికి ఇది చాలు. వందకు 40 మిగిలే వ్యాపారంలో ప్రకటనకు పెట్టిన లక్ష తిరిగి రావాలంటే కనీసం రెండున్నర లక్షల అమ్మకం పెరగాలి. మన అంచనా పైకొస ఎంత సాగదీసినా 1.9 దగ్గర ఆగిపోయింది. 15 లక్షల ప్లాన్‌లో అమ్మకాలు పెరిగేది 5 లక్షలు, మిగిలేది 2, పెట్టింది 5. గీత 4.4 లక్షల లాభం చూపించిన చోట నెలకు 3 లక్షలు పోతాయి.

ఎండను లెక్కలో పెట్టేశాం కాబట్టి ఇక కారణం దొరికినట్టే అనుకుంటే, అదీ తొందరపాటే. ఎండాకాలం లోపల కూడా అన్ని నెలలూ ఒకేలా ఉండవు. మరీ మండిపోయే నెలలో కంపెనీ ఇంకాస్త ఎక్కువ ఖర్చు పెట్టిందనుకోండి, C కాలమ్‌లోని 1 అనే అంకె ఆ తేడాను పట్టుకోలేదు, ఆ పెరుగుదల కూడా ప్రకటనల ఖాతాలోనే పడుతుంది. అదే నెలలో డిస్కౌంట్ ఇచ్చి ఉండొచ్చు, కొత్త మోడల్ వచ్చి ఉండొచ్చు, పోటీ కంపెనీ దగ్గర స్టాక్ అయిపోయి ఉండొచ్చు. మనం షీట్‌లో పెట్టినవాటినే లెక్కలోంచి వేరు చేయగలం, పెట్టనివి అన్నీ ఆ గుణకంలోనే దాక్కుని ఉంటాయి.

పైగా ఈ పొరపాటు ఎప్పుడూ ప్రకటనల వైపే మొగ్గుతుందనీ లేదు. అమ్మకాలు పడిపోయినప్పుడల్లా కంగారుపడి ప్రకటనలు పెంచే కంపెనీ ఉందనుకోండి, దాని చుక్కల మధ్య గీత కిందికి వాలుతుంది, ఖర్చు ఎక్కువైన నెలల్లోనే అమ్మకాలు తక్కువగా ఉంటాయి. ఆ చార్ట్ చూసి ప్రకటనల వల్లే అమ్మకాలు తగ్గుతున్నాయని ఎవరైనా అంటే ఎవరూ నమ్మరు, వెంటనే అసలు కారణం వెతుకుతారు. గీత పైకి వాలినప్పుడు కూడా అంతే పట్టుదలగా వెతకాలి, కానీ మనం వినాలనుకున్న మాటే చెబుతోంది కాబట్టి వెతకడం మానేస్తాం.

ఇక దిక్కు సంగతి. చాలా కంపెనీల్లో ప్రకటనల బడ్జెట్‌ను అమ్మకాల్లో ఇంత శాతం అని పెట్టుకుంటారు. కిందటి నెల అమ్మకాల మీదో, వచ్చే నెల అంచనా మీదో. మన ఉదాహరణలో 20 అమ్మిన కాలంలో సగటు ఖర్చు 3, 50 అమ్మిన కాలంలో సగటు ఖర్చు 9, అంటే 15 శాతం, 18 శాతం. ఇదేదో అమ్మకాల్లో ఆరో వంతు ప్రకటనలకు అనే నియమంలా కనిపించడం లేదూ? అలాంటి నియమం ఉంటే ప్రకటనలు అసలు పని చేయకపోయినా సరే చార్ట్ ఇలాగే వస్తుంది, ఎందుకంటే అమ్మకాలే ఖర్చును నడిపిస్తున్నాయి. దీన్ని సహసంబంధం పసిగట్టలేదు. CORREL ఫార్ములాలో B, D కాలమ్‌లను ఎటు నుంచి ఎటు మార్చి పెట్టినా అదే 0.9756 వస్తుంది, ఏది ముందో ఏది వెనకో దానికి తెలియదు. స్కాటర్ ప్లాట్‌లో ఖర్చును x దగ్గర పెట్టింది మనం, దాన్ని కారణం స్థానంలో కూర్చోబెట్టిందీ మనమే. దిక్కు తేలాలంటే చార్ట్‌ను కాదు, అకౌంట్స్ వాళ్లను అడగాలి: ఈ నెల బడ్జెట్ ఏ తేదీన ఖాయమైంది, దేన్ని చూసి ఖాయం చేశారు అని. ఆ ఒక్క జవాబు R² కంటే ఎక్కువ చెబుతుంది.

ఇదంతా చిన్న షీట్ల గొడవ, పెద్ద డేటా ఉంటే ఈ బాధ ఉండదు అని కొందరంటారు. దానికి ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే అనుభవమే జవాబు. ఆర్థికవేత్తలు థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ ఆ కంపెనీ సెర్చ్ ప్రకటనల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. సెర్చ్‌లో ఈబే పేరు కొట్టినవాళ్లకు చూపించే ప్రకటనల్ని 2012లో కొన్ని సెర్చ్ ఇంజన్లలో ఆపేసి చూశారు. పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం ప్రకటన కాని మామూలు లింకుల ద్వారా వెంటనే తిరిగొచ్చేశాయి. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు, కంపెనీ పేరు టైప్ చేసినవాడు అక్కడికే పోవాలని వచ్చినవాడు, పైనున్న ప్రకటన నొక్కి వెళ్లాడు, అది లేకపోతే కిందున్న లింకు నొక్కి వెళతాడు. కానీ నివేదికలో మాత్రం ప్రతి క్లిక్కూ, దాని వెనకొచ్చిన ప్రతి అమ్మకమూ ప్రకటన ఖాతాలో పడుతుంది. ఇక్కడ మూడో కారణం ఎండ కాదు, కొనాలని అప్పటికే మనసులో ఉన్న ఉద్దేశం. దాన్ని ఏ కాలమ్‌లోనూ రాయలేం.

పేరు లేని మామూలు పదాల మీద ఇచ్చే ప్రకటనల్ని కూడా వాళ్లు అమెరికాలో కొన్ని ప్రాంతాల్లో ఆపి, మిగతా చోట్ల కొనసాగించి పోల్చారు. మామూలు రిగ్రెషన్‌తో, అంటే మన ట్రెండ్ లైన్ పద్ధతిలోనే లెక్కేస్తే, ఖర్చు మీద రాబడి 4100 శాతం పైన వచ్చింది. కాలాన్నీ ప్రాంతాన్నీ లెక్కలో పెడితే 1600 శాతం పైన. ప్రయోగంతో కొలిస్తే తేలింది మైనస్ 63 శాతం. డేటా ఎంత పెద్దదైనా గీత అంత దూరం తప్పిపోయింది. రెండో అంకెను గమనించండి: కొన్ని అంశాల్ని అదుపులోకి తెస్తే అంచనా సగానికి పైగా దిగింది, అయినా నిజానికి దరిదాపుల్లోకి రాలేదు.

కాబట్టి కారణం తెలియాలంటే ఖర్చును మనమే కదిలించాలి, అదీ అమ్మకాలతో ఏ సంబంధమూ లేని పద్ధతిలో. కూలర్ల కంపెనీకి 20 ప్రాంతాల్లో వ్యాపారం ఉందనుకుందాం. 20 చీటీలు రాసి, కలిపి, 10 తీయాలి. ఆ 10 ప్రాంతాల్లో వచ్చే నెల ప్రకటనలు పూర్తిగా ఆపాలి, మిగతా 10 చోట్ల యథాప్రకారం నడపాలి. చీటీలే ఎందుకంటే, ఎక్కడ ఆపాలో మేనేజర్‌ను ఎంచుకోమంటే ఎలాగూ అమ్మకాలు లేని చోట్లే ఆపుతాడు, ఏ గొడవ నుంచి బయటపడాలని ఇదంతా చేస్తున్నామో మళ్లీ అందులోనే పడతాం. చీటీకి ఎండ తెలియదు, డిస్కౌంట్ తెలియదు, అందుకే అవన్నీ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పంచుకుపోతాయి.

నెల తిరిగాక ఫలితం ఇలా వచ్చిందనుకుందాం: ప్రకటనలు కొనసాగిన ప్రాంతాల్లో అమ్మకాలు 24 నుంచి 26కి పెరిగాయి, ఆపిన ప్రాంతాల్లో 25 నుంచి 22కి తగ్గాయి. నెల చివరి అంకెల్ని మాత్రమే చూసి 26లోంచి 22 తీసేయకూడదు, రెండు గుంపులూ మొదలే ఒకేచోట లేవు. ఒకవైపు 2 పెరిగింది, ఇంకోవైపు 3 తగ్గింది, తేడా 5. ఆపిన చోట మిగిలిన ఖర్చు కూడా 5 లక్షలు. అంటే లక్షకు లక్ష, LINEST చెప్పినదానికి దగ్గరగానే ఉంది, ఈసారి మాత్రం దాన్ని కారణం అనడానికి హక్కుంది.

ప్రయోగం చెడిపోయే దారులూ ఉన్నాయి. ఆపిన ప్రాంతంవాళ్లు పక్క ప్రాంతంలో నడుస్తున్న ప్రకటనను చూస్తే తేడా తక్కువగా కనిపిస్తుంది, అందుకని ప్రాంతాలు ఒకదానికొకటి కాస్త దూరంగా ఉండాలి. మొదటి వారం అమ్మకాలు తగ్గగానే టెన్షన్ పడి ప్రకటనలు మళ్లీ మొదలుపెట్టేస్తే ఆ నెల లెక్క ఎందుకూ పనికిరాదు. ప్రకటన ప్రభావం ఒక్కోసారి నెలల తరబడి మిగిలి ఉంటుంది, పాత ప్రకటన గుర్తుండి ఇప్పుడు కొనేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక్క నెల ఆపి చూస్తే అసలు ప్రభావం కంటే తక్కువ కనబడొచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఆ 5 నిజమైన తేడానా లేక నెలనెలా ఉండే ఊగిసలాటా అన్నది తేల్చుకోవాలి. దానికి సులువైన పద్ధతి ఉంది. అవే రెండు గుంపుల్ని తీసుకుని, ఎక్కడా ప్రకటనలు ఆపని పాత నెలల్లో ఇదే తీసివేత చేసి చూడాలి. అక్కడ తేడా సున్నా చుట్టూ అరా, ఒకటి మధ్య తిరుగుతుంటే ఇప్పుడొచ్చిన 5ను నమ్మొచ్చు. ఏమీ మార్చని నెలల్లోనే అది ఒకసారి ప్లస్ 4, ఒకసారి మైనస్ 6 అని ఊగుతుంటే, ఇంకా ఎక్కువ ప్రాంతాలతోనో ఎక్కువ నెలలతోనో మళ్లీ చేయాలి, అప్పటిదాకా బడ్జెట్‌ను 15కి పెంచే కాగితం మీద సంతకం పెట్టకూడదు.